స్నేహంగా రాసిన ఈమెయిల్‌కు రష్యన్‌లో 'తీ'నా, 'వీ'నా?

హైదరాబాద్‌లో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీ నుంచి వచ్చిన పని ఇది. జనవరి మధ్యలో వచ్చింది. రష్యాలో జనవరి 1 నుంచి 8 వరకు కొత్త సంవత్సరం సెలవులు. అవి ముగిసి ఆఫీసులు మళ్లీ దారిలో పడుతున్న వారం. ఇంగ్లిష్‌లో రాసిన ఒక చిన్న ఈమెయిల్‌ను రష్యన్‌లోకి మార్చాలి. రాసినది ఎగుమతుల విభాగంలో పనిచేసే కిరణ్. అందుకోవలసినది రష్యాలో ఒక సంస్థ కొనుగోళ్ల విభాగం అధిపతి. ఆమెను ఇక్కడ యెలేనా సెర్గేయెవ్నా అంటాను. పేర్లు మార్చాను గాని వాటి తీరు మార్చలేదు. ఈ కేసులో పేర్ల తీరుతో పని ఉంది. పని అప్పగించిన సమన్వయకర్త ఒకే ఒక్క సూచన జోడించారు: "స్నేహంగా ఉండాలి, ఆఫీసు భాష వద్దు."

ఆ ఈమెయిల్‌ను తెలుగులో యథాతథంగా చెప్పబోతే 'నువ్వు' అనో 'మీరు' అనో తేల్చుకోవలసి వస్తుంది. అంటే తీర్పు ముందే ఇచ్చేసినట్లవుతుంది. అందుకని విషయం మాత్రం చెబుతాను. "హాయ్ యెలేనా" అని మొదలవుతుంది. సెలవులు బాగా గడిచాయని ఆశ. నవంబరులో మాస్కో ప్రదర్శనలో ఎట్టకేలకు ముఖాముఖి కలుసుకున్నందుకు సంతోషం. ఆమె తెచ్చిన ప్ర్యానికి బ్రహ్మాండం, అన్నీ హైదరాబాద్ దాకా రాలేదు (ప్ర్యానిక్ అంటే తేనె, మసాలా దినుసులు వేసి కాల్చే తీపి రొట్టె, రష్యాలో తూలా నగరం దానికి పేరు). లేబుళ్ల విషయంలో ఆమె చెప్పిందే నిజమని తేలింది. సవరించిన స్పెసిఫికేషన్ జతచేశాను, శుక్రవారంలోగా చూసి చెప్పడం వీలవుతుందా, కుదరకపోతే ఫరవాలేదు. ల్యాబ్‌లోని ద్మీత్రీకి హలో చెప్పాలి. చివర "చీర్స్, కిరణ్".

రష్యన్‌లో ఒక మనిషిని సంబోధించడానికి రెండు మాటలున్నాయి. 'తీ' ఏకవచనం, 'వీ' బహువచనం. గౌరవంతో ఒక్కరినీ 'వీ' అంటారు. ఇంతవరకు మన నువ్వు, మీరు లాగే ఉంది కాబట్టి తెలుగువాళ్లకు ఇది సులువని అనుకుంటాం. ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవారికన్నా మనం ఒక అడుగు ముందు ఉన్నమాట నిజమే, కాని రెండు భాషల్లోనూ గీత ఒకేచోట లేదు. మనలో చాలా ఇళ్లలో తండ్రిని మీరు అంటారు. రష్యన్‌లో నేడు తండ్రినీ, తల్లినీ, అమ్మమ్మనూ అనేది 'తీ'యే. అమ్మమ్మకు రాసిన ఉత్తరంలో 'వీ' వాడితే ఎక్కడో అలక ఉందని అనుకుంటారు. అందుకని తెలుగులో ఏమంటామో చూసుకుని రష్యన్‌లో అదే పెట్టే పద్ధతిని నేను వాడను. ఆ ఇద్దరి మధ్య రష్యన్‌లో ఏది నడుస్తుందో తెలుసుకోవాలి.

దానికి ఈమెయిల్ ఒక్కటే చాలదు. పాత ఉత్తరాలు కూడా పంపమని అడిగాను. అంతకుముందు నడిచినదంతా ఇంగ్లిష్‌లోనే ఉంది. ఈసారి రష్యన్ ఎందుకంటే, ఉత్తరాన్ని ఆమె పైఅధికారి, ల్యాబ్‌వాళ్లు కూడా చదవాలట. వారికి ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఇంగ్లిష్ ఉత్తరాల్లో 'తీ, వీ' ఆనవాళ్లు దొరకవు. కాని ఆమె ఈమెయిళ్ల అడుగున ఆఫీసు సంతకం రష్యన్‌లో ఉంది: ముందు "స్ ఉవజేనియెమ్", అంటే గౌరవంతో అని, తర్వాత పేరు, తండ్రి పేరుతో కట్టిన పేరు, ఇంటిపేరు, హోదా. వయసు యాభై పైచిలుకని కిరణ్ చెప్పారు. ఆయనకు ముప్పై రెండు. ఒక్కసారే కలిశారు. ఇంకో సంగతి కూడా చెప్పారు, అదే ఈ కేసులో అసలు చిక్కు: ప్రదర్శనలో ఆమె చెయ్యి కలుపుతూ ఇంగ్లిష్‌లో, "నన్ను లేనా అని పిలవండి చాలు" అన్నారట. లేనా అంటే యెలేనాకు ముద్దుపేరు. "మరి ఇంత చనువు ఇచ్చాక వీ ఎందుకు?" అని కిరణ్ ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు, ఆయన కోరినట్లే 'తీ'తో ఒక ముసాయిదా రాసి చూశాను. అడిగినవారికి వద్దని చెప్పడంకంటే, అది ఎలా వినిపిస్తుందో చూపడం మేలు. "ప్రివ్యేత్, లేనా!" అని మొదలైంది. లేబుళ్ల వాక్యం "తీ బిలా ప్రవా" అయింది, స్పెసిఫికేషన్ వాక్యం "పస్మత్రీ, పజాలుస్తా" అయింది. వ్యాకరణంలో తప్పేమీ లేదు. కాని దీన్ని ఆమె పైఅధికారి చదువుతున్నారని అనుకోండి. ముప్పై రెండేళ్ల విదేశీ అమ్మకందారు, ఒక్కసారి కలిసిన యాభై ఏళ్ల విభాగాధిపతిని నువ్వు అంటూ, ముద్దుపేరుతో పిలుస్తూ, ఆవిడ తెచ్చిన తీపి రొట్టెల గురించి మాట్లాడుతున్నాడు. ఇద్దరి మధ్య ఏదో ఉందనైనా అనుకోవాలి, లేదా కుర్రవాడికి మర్యాద తెలియదనైనా అనుకోవాలి. ఇంగ్లిష్ ఉత్తరంలో ఈ రెండింటిలో ఏదీ లేదు.

'లేనా అని పిలవండి' అన్న మాటకు వస్తే, అది ఇంగ్లిష్‌లో ఇచ్చిన అనుమతి. విదేశీయులకు తండ్రి పేరుతో కలిపి పలకడం కష్టమని రష్యన్లు ఇలా తరచూ అంటారు. 'తీ'లోకి మారడం రష్యన్‌లో వేరే సంగతి. దానికి "దవాయితే న తీ" అనే మాట ఉంది, 'తీలోకి వెళదాం' అని అర్థం. ఆ మాట పెద్దవారో, హోదాలో పైనున్నవారో, మగవాడు ఆడమనిషి మధ్యయితే ఆమో ముందు అనాలన్నది మర్యాద. ఇక్కడ ఆ మూడూ యెలేనాగారి వైపే ఉన్నాయి. ఆమె ఆ మాట అనలేదు. రష్యన్ ఆఫీసుల్లో 'లేనా' అని పిలుస్తూనే 'వీ' అనడం మామూలు విషయం. పేరు దగ్గరైనంత మాత్రాన సర్వనామం దగ్గరకు రాదు.

కాబట్టి 'వీ' అని తేలింది. ఇక్కడితో పని అయిపోయిందనుకున్న అనువాదాలను చాలా చూశాను. అవి ఇలా ఉంటాయి: "ఉవజాయెమయా యెలేనా సెర్గేయెవ్నా! దీనితో జతపరచి పంపుతున్నాము, పరిశీలించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాము." 'గౌరవనీయులైన' అని మొదలైన ఉత్తరానికి మిగతాదంతా అదే బాణీలో వచ్చేస్తుంది. ప్ర్యానికి వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఏం చెయ్యాలో తోచక దాన్ని వదిలేస్తారు, లేదా 'మీరు అందజేసిన మిఠాయిలకు కృతజ్ఞతలు' అని పెడతారు. సమన్వయకర్త వద్దన్న ఆఫీసు భాష ఇదే. తప్పు 'వీ'ది కాదు. స్నేహాన్ని సర్వనామం మోస్తుందనుకుని, అది 'తీ' కానప్పుడు స్నేహాన్నే వదిలేశారు. ఇంగ్లిష్‌లో 'యూ' ఎలాగూ ఏమీ మోయడం లేదు. ఆ ఉత్తరంలోని చనువంతా పలకరింపులో, చిన్న వాక్యాల్లో, హైదరాబాద్ దాకా రాని రొట్టెల్లో ఉంది. రష్యన్‌లో కూడా దాన్ని అక్కడే పెట్టాలి.

మొదట పలకరింపు. 'హాయ్'కి నిఘంటువు చెప్పే "ప్రివ్యేత్" 'తీ'కి తోడు మాట. ఐటీ సంస్థల్లో ఇప్పుడు ప్రివ్యేత్ అన్నాక కూడా 'వీ' రాసేవారు ఉన్నారు, కాని మందుల సంస్థ కొనుగోళ్ల విభాగంలో అది పొసగదు. మరో చివర "ఉవజాయెమయా" ఉంది. మధ్యలో, రష్యన్లు రోజూ రాసుకునేది ఒకటుంది: పేరు ముందు, పలకరింపు తర్వాత. "యెలేనా సెర్గేయెవ్నా, దోబ్రీ దేన్!" అంటే 'శుభదినం'. పేరును ముందుకు తెస్తే ఎదుట నిలబడి మాట్లాడుతున్నట్లు ఉంటుంది. 'డియర్' అని ఉంటే కొందరు "దరగాయా" పెడతారు. రష్యన్‌లో అది నిజంగానే ప్రియమైనవారికి వాడేది, వ్యాపార ఉత్తరంలో చెయ్యి పట్టుకున్నట్లు ఉంటుంది.

యెలేనానా, యెలేనా సెర్గేయెవ్నానా అనేది ఇంకో చిన్న నిర్ణయం. తండ్రి పేరు నుంచి వచ్చే ఈ రెండో పేరు మన 'గారు' చేసే పని చేస్తుంది. ఉత్తరం ఆమె ఒక్కరికే వెళ్లేదైతే "యెలేనా, దోబ్రీ దేన్!" సరిపోయేది, విదేశీయుల నుంచి వ్యాపార ఉత్తరాల్లో అది మామూలే, పైగా లేనా అనమన్న మనిషికి పూర్తి బిరుదుతో రాస్తే ఒక అడుగు వెనక్కి వేసినట్లుంటుంది. కాని పైఅధికారి కాపీలో ఉన్నారు. ఆయన ఎదుట ఆమెను ఆఫీసులో పిలిచే పేరుతోనే పిలవాలి. కిరణ్‌కు ఇది వెంటనే అర్థమైంది. "మా మేడమ్‌ను నేను విడిగా ఒకలా, మీటింగ్‌లో ఇంకోలా పిలుస్తాను" అన్నారు.

తర్వాత సెలవుల వాక్యం. దీనికి సర్వనామమే అక్కర్లేదు: "స్ ప్రషేద్షిమి ప్రాజ్నికమి!" గడిచిన పండుగల శుభాకాంక్షలు అని అర్థం. జనవరి రెండో, మూడో వారంలో రష్యన్లు అచ్చంగా ఇదే అంటారు. 'మీ సెలవులు బాగా గడిచాయని ఆశిస్తున్నాను' అని మాటకు మాట పెట్టినా తప్పు కాదు గాని, అది ఇంగ్లిష్ చదువుకున్న రష్యన్. ప్ర్యానికి కూడా ఇలాగే: "అద్దేల్నయె స్పసీబ జా ప్ర్యానికి, ద ఖైదరాబాద దయేఖలి ని ఫ్సే". ప్ర్యానికికి ప్రత్యేకంగా ధన్యవాదాలు, హైదరాబాద్ దాకా అన్నీ చేరలేదు. 'మీరు తెచ్చిన' అన్న ముక్క లేదు, అవసరమూ లేదు. ఎవరు తెచ్చారో ఆమెకు తెలుసు. సర్వనామాన్ని ఇలా తగ్గించేకొద్దీ 'వీ' బిగుసుకుపోయినట్లు అనిపించదు. ఉత్తరమంతా తప్పించుకోవచ్చని మాత్రం అనుకోకూడదు. పని చెప్పే క్రియ రాగానే ముసుగు తొలగిపోతుంది.

కలుసుకున్న సంతోషం గురించిన వాక్యం దగ్గర పని ఆగింది. 'సంతోషించాను' అనడానికి రష్యన్‌లో రాసేవారు మగవారైతే "రాద్ బిల్", ఆడవారైతే "రాదా బిలా". ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ ఇది తెలియాల్సిన అవసరం రాదు. కిరణ్ అనే పేరు మన వైపు ఎక్కువగా మగవారిది, ఉత్తరాదిన ఆడవారిదీ అవుతుంది. నాకు పని వచ్చింది సమన్వయకర్త ద్వారా, కాబట్టి అడిగి నిర్ధారించుకున్నాకే రాశాను: "ఓచెన్ రాద్ బిల్ పజ్నకోమిత్సా స్ వామి లీచ్న". చివరి 'లీచ్న', అంటే స్వయంగా, ఇంగ్లిష్‌లోని 'ఎట్టకేలకు' అన్న ఆత్మీయతను మోస్తుంది.

అందుకునేవారి విషయంలోనైతే 'వీ' మనకు ఒక మేలు చేస్తుంది. 'తీ'తో భూతకాల క్రియ వాడితే ఎదుటివారు ఆడో మగో తేలిపోతుంది: తెచ్చావు అనడానికి మగవారికి "ప్రినోస్", ఆడవారికి "ప్రినెస్లా". 'వీ'తో అందరికీ "ప్రినెస్లీ" ఒక్కటే. సాషా, జేన్యా వంటి పొట్టిపేర్లు ఆడవారికీ మగవారికీ ఉంటాయి. అలాంటి సంతకం కింద ఉన్న మనిషి ఎవరో తెలియనప్పుడు 'వీ' ఒక్కటే దారి.

కాని ఆ బహువచనం తోకలు లేకుండా రాదు. లేబుళ్ల వాక్యం "నషోత్ ఎతికేతక్ వీ బీలి ప్రావీ" అవుతుంది. 'ఉన్నారు' అనే క్రియా బహువచనమే, 'సరైన' అనే పొట్టి విశేషణమూ బహువచనమే. ఆమె ఒక్కరే కదా అని, ఆడమనిషి కదా అని "వీ బిలా ప్రవా" అనో, సగం సర్ది "వీ బీలి ప్రవా" అనో రాస్తారు. రెండూ తప్పే, రష్యన్ చెవికి వెంటనే తగులుతాయి. అయితే పూర్తి రూపంలో ఉన్న విశేషణమైతే ఏకవచనంలోనే, ఆడ మగ తేడాతోనే ఉంటుంది: 'మీరు ఎంత మంచివారు' అన్నప్పుడు ఆమెకు "వీ తకాయా దోబ్రయా". చదువుకునే రోజుల్లో ఇది అన్యాయంగా తోస్తుంది, తర్వాత అలవాటవుతుంది.

పని అడిగే వాక్యానికి ఇంగ్లిష్ మర్యాద అడ్డొస్తుంది. 'చూడగలరా' అన్నదాన్ని "మీరు చూడలేరా" అనే రష్యన్ ప్రశ్నగా మారుస్తారు. అది ఉంది, వాడతారు, కాని చిన్న పనికి బరువెక్కువ. రష్యన్‌లో సూటిగా "పస్మత్రీతే, పజాలుస్తా, యేస్లి మోజ్న, ద ప్యాత్నిత్సీ" అంటే మర్యాదగానే ఉంటుంది: చూడండి, దయచేసి, వీలైతే, శుక్రవారంలోగా. మర్యాద 'పజాలుస్తా'లోనూ, చివరి 'తే'లోనూ ఉంది. ఆ వెంట "యేస్లి ని ఉస్పెవాయెతే, నిచివో స్త్రాష్నవ": కుదరకపోతే భయపడాల్సిందేమీ లేదు. ఈ మాటలోని చనువు ఇంగ్లిష్ 'నో వర్రీస్'కి ఏమాత్రం తీసిపోదు, పూర్తిగా 'వీ'లోనే ఉంది కూడా. ద్మీత్రీకి నమస్కారం "పెరెదవాయితే ప్రివ్యేత్ ద్మీత్రియు" అయింది. మూడో మనిషికి చేరే 'ప్రివ్యేత్' కాబట్టి ఇక్కడ ఆ మాటకు అభ్యంతరం లేదు. 'చీర్స్'కి "ఫ్సివో దోబ్రవ" పెట్టాను, అంతా మంచే జరగాలని.

రాయడంలో ఇంకో చిన్న సంగతి ఉంది, తెలుగు లిపిలో చూపించలేనిది. ఉత్తరంలో ఒక్కరినే గౌరవంగా సంబోధించే 'వీ'ని రష్యన్‌లో పెద్దక్షరంతో రాస్తారు. అనేకమందిని అన్నప్పుడు చిన్నక్షరమే. ఈ ఉత్తరంలో రెండూ వచ్చాయి. 'లేబుళ్ల విషయంలో మీరు' అన్నది యెలేనాగారిని, కాబట్టి పెద్దక్షరం. 'మీ ల్యాబ్‌లో' అన్నది వారి సంస్థను, అక్కడ చిన్నక్షరం. అన్నిచోట్లా పెద్దక్షరం పెడితే ల్యాబ్ మొత్తం ఆవిడ సొంతం అయినట్లుంటుంది. అందుకే ముసాయిదా ముగిశాక అర్థం కోసం చదవడం అయిపోయిన తర్వాత, కేవలం తోకల కోసం ఇంకోసారి చదువుతాను: ప్రతి ఆజ్ఞార్థకం చివర 'తే' ఉందా, భూతకాలం 'లి'తో ముగిసిందా, పొట్టి విశేషణం బహువచనంలో ఉందా, పెద్దక్షరాలు సరైనచోట ఉన్నాయా. ఇంగ్లిష్ నుంచి వాక్యం వాక్యం మార్చుకుంటూ పోయిన ఉత్తరాల్లో ఒకచోట 'పస్మత్రీతే', ఇంకోచోట 'నపిషీ' దొరకడం మామూలు. ఒకే ఉత్తరంలో నువ్వు, మీరు కలిసిపోయిందంటే చదివేవారికి అది అనువాదమని ఆ క్షణమే తెలిసిపోతుంది.

జవాబు రెండు రోజుల్లో వచ్చింది, రష్యన్‌లోనే. "కిరాన్, జ్‌ద్రావ్‌స్త్వుయితే!" అని మొదలై, సెలవులు బాగా గడిచాయని, స్పెసిఫికేషన్ ల్యాబ్‌కు పంపానని, వచ్చేసారి ప్ర్యానికి ఎక్కువ తెస్తానని చెప్పి, ఆఫీసు సంతకానికి పైన విడిగా "యెలేనా" అని ముగిసింది. నేను మొదట చూసేది ఈ రెండు చోట్లే. పలకరింపు చివర 'తే' ఉంది కాబట్టి 'వీ' నిలిచింది. సంతకంలో తండ్రి పేరు వదిలేశారు, అంటే ఇక పేరొక్కటే చాలన్నమాట. ఆ తర్వాతి ఉత్తరం ఆమె ఒక్కరికే వెళ్లింది, "యెలేనా, దోబ్రీ దేన్!" అని.

ఇదంతా ఈ కేసుకు చెందిన తీర్పు. ఇద్దరూ పాతికేళ్ల ప్రోగ్రామర్లయి, ఒకే ప్రాజెక్టులో రోజూ మాట్లాడుకుంటుంటే నేను 'తీ'తోనే మొదలుపెట్టేవాడిని; అక్కడ 'వీ' అంటే ఏదో గొడవ జరిగిందనుకుంటారు. ఏదీ తెలియనప్పుడు మాత్రం 'వీ'. 'వీ' నుంచి 'తీ'కి దిగడం ఒక్క మాటతో అయిపోతుంది. 'తీ' అన్నాక 'వీ'కి వెనక్కి వెళితే మాత్రం ఎదుటివారు తామేం తప్పు చేశామని ఆలోచిస్తారు.

వసంతంలో కిరణ్ దగ్గరి నుంచి మళ్లీ కబురు వచ్చింది. యెలేనాగారు ఆయన ఒక్కరికే రాసిన ఉత్తరం చివర "కిరాన్, దవాయితే ఉజే న తీ" అని ఉంది: ఇక తీలోకి వచ్చేద్దాం అని. ఆ పిలుపు కూడా 'తే'తోనే, అంటే 'వీ'లోనే ఇవ్వాలి మరి. "ఇప్పుడన్నీ మార్చెయ్యవచ్చా?" అని ఆయన అడిగారు. ఆమెకు విడిగా వెళ్లేవాటిలో మార్చాం, "లేనా, ప్రివ్యేత్!" అని. పైఅధికారికి కాపీ వెళ్లే ఉత్తరాల్లో మార్చలేదు. ఇద్దరూ విడిగా 'తీ', నలుగురిలో 'వీ' అనుకోవడం రష్యన్ ఆఫీసుల్లో వింతేమీ కాదు, ఆవిడ కూడా అదే చేశారు. ఈ ఖాతాదారు పనులు నేను లేనప్పుడు చూసే సహోద్యోగి కోసం ఫైల్‌లో రెండు వరుసలు చేర్చాను: "ఒక్కరికే వెళితే లేనా, తీ. కాపీ ఉంటే యెలేనా సెర్గేయెవ్నా, వీ, పెద్దక్షరం. పంపేముందు కాపీ గడి చూడాలి."